ఇంట్లోవాళ్లకి యాడ్-ఆన్ కార్డు: తీసుకోవడం ఎలా, బిల్లు ఎవరు కట్టాలి

మీ క్రెడిట్ కార్డు మీద ఇంట్లో ఇంకొకరికి కార్డు ఇప్పించడం పది నిమిషాల పని. ఆ కార్డుతో వాళ్లు పెట్టే ఖర్చుకు బ్యాంకు ఎవర్ని అడుగుతుందన్న విషయంలోనే చాలా ఇళ్లలో లెక్క తప్పుతోంది. కార్డు మీద కొడుకు పేరుంది కాబట్టి బిల్లు కూడా కొడుకుదే అనుకుంటారు. అలా కాదు. అందుకే అప్లికేషన్ కంటే ముందు బాధ్యత సంగతి చెప్పుకుందాం. అది తెలిస్తే తర్వాత వేసే ప్రతి అడుగూ ఎందుకో అర్థమవుతుంది.

ముందు ఇది తెలుసుకోండి: అప్పు ఒక్కటే, అప్పుదారు ఒక్కరే

యాడ్-ఆన్ కార్డు అంటే కొత్త అప్పు ఖాతా కాదు. మీ ఖాతాకు ఇంకో తాళంచెవి చేయించి ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వడం లాంటిది. మీ లిమిట్ లక్షన్నర అయితే, ఇద్దరి వాడకం కలిపి లక్షన్నరే. స్టేట్‌మెంట్ ఒకటే, గడువు తేదీ ఒకటే, కట్టాల్సిన మొత్తం ఒకటే.

రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో దీన్ని సూటిగా చెప్పింది. అసలు కార్డుదారు ఫలానా వాళ్లకి ఇవ్వండని పేరు చెప్పినవాళ్లకే యాడ్-ఆన్ కార్డు ఇవ్వాలి. దాని మీద వచ్చే బాకీ పూర్తిగా అసలు కార్డుదారుదేనన్న స్పష్టతతోనే ఇవ్వాలి. అంటే మీరు అడగకుండా మీ తమ్ముడికో మీ ఆవిడకో బ్యాంకు కార్డు పంపకూడదు. మీరు అడిగి ఇప్పించాక మాత్రం, వాళ్లు గీకిన ప్రతి రూపాయీ మీరు గీకినట్టే లెక్క.

'నాకు చెప్పకుండా కొన్నాడు', 'మేం ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు', 'మేం వేరుపడ్డాం' అని బ్యాంకుకు చెప్పినా ఉపయోగం ఉండదు. భార్యాభర్తలు విడిగా ఉంటున్నా, ఆ కార్డు ఆపించేదాకా దాని మీద పడే బిల్లు అసలు కార్డుదారుకే వస్తుంది. మీ ఇంట్లో మీరు రాసుకున్న ఒప్పందం మీ మధ్య చెల్లుతుందేమో గానీ బ్యాంకును కట్టిపడేయదు.

క్రెడిట్ స్కోరుకూ ఇదే వర్తిస్తుంది. బిల్లు ఆలస్యమైతే దెబ్బ తినేది మీ స్కోరు. సిబిల్ రిపోర్టులో ఖాతా ఎవరిదన్న చోట యాడ్-ఆన్ వాడేవారికి వేరే హోదా ఉంటుంది: వాడుకోవడానికి అనుమతి ఉంది, తీర్చే బాధ్యత లేదు అని దాని అర్థం. కాబట్టి 'వాడికి ఇప్పట్నుంచే సిబిల్ తయారవుతుంది' అన్న ఆశతో కాలేజీ పిల్లలకి ఈ కార్డు ఇప్పించకండి. దానికి పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి, దాని పూచీ మీద వాళ్ల పేరుతోనే ఒక చిన్న క్రెడిట్ కార్డు తీసుకోవడం సరైన దారి.

మొదటి అడుగు: ఎవరికి, ఎందుకు, నెలకి ఎంత

సాధారణంగా భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు, తోబుట్టువులు ఈ జాబితాలో ఉంటారు. కొన్ని బ్యాంకులు అత్తమామల్నీ ఒప్పుకుంటాయి. కనీస వయసు, ఎన్ని కార్డులు ఇస్తారు, ఏటా ఫీజు ఉందా లేదా అన్నవి బ్యాంకును బట్టి మారతాయి. చాలా కార్డులకి యాడ్-ఆన్ ఉచితమే. అయినా 'మొదటి ఏడాదికేనా, ఎప్పటికీనా' అని కస్టమర్ కేర్‌లో అడిగి తెలుసుకోండి.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఎక్కువగా కనబడేవి రెండు సందర్భాలు. ఒకటి, కొడుకో కూతురో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, టెక్కలి దగ్గర ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులకీ ఆసుపత్రికీ కార్డు ఇప్పించడం. రెండోది, విజయనగరంలో ఉన్న తండ్రి, విశాఖలో చదువుతున్న కొడుక్కి ఇప్పించడం. మొదటిదాంట్లో ఖర్చు అదుపు తప్పడం అరుదు. మోసగాళ్ల ఫోనుకి పెద్దవాళ్లు చిక్కడమే అక్కడి భయం. రెండోదాంట్లో మోసం కంటే ఖర్చుదే ఇబ్బంది. ఈ తేడా గుర్తుంచుకోండి. ఎందుకంటే లిమిటూ, యాప్‌లో ఏ వాడకం ఆన్, ఏది ఆఫ్ అన్న స్విచ్చులూ పెట్టేది ఈ తేడాను బట్టే.

నెలకి ఎంత అన్నది కార్డు రాకముందే రాసుకోండి. తండ్రి మనసులో పదివేలు, కొడుకు మనసులో 'నాన్న లిమిట్ లక్షన్నర' ఉంటే మొదటి నెలలోనే తేడా వస్తుంది.

రెండో అడుగు: అప్లికేషన్, పేర్ల చిక్కు

బ్యాంకు యాప్‌లో లాగిన్ అయి, మీ కార్డు తెరిచి, సేవల జాబితాలో Add-on Card అని ఉన్నచోట నొక్కాలి. కొన్ని యాప్‌లలో అది Service Request కింద ఉంటుంది. కనబడకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయొచ్చు, లేదా బ్రాంచిలో ఫారం నింపొచ్చు. ఎలా చేసినా అడగాల్సింది అసలు కార్డుదారే.

అడిగే వివరాలు తక్కువే: పేరు, పుట్టిన తేదీ, మీకు ఏమవుతారు, మొబైల్ నంబరు, గుర్తింపు పత్రం. యాడ్-ఆన్ కార్డు వాడేవారికి కూడా కేవైసీ జరగాలన్నది నియమం. అందుకే ఆధార్, చాలాచోట్ల పాన్ కూడా అడుగుతారు. 'బాకీ నాదే కదా, వాళ్ల ఆధార్ ఎందుకు' అని వాదించి ప్రయోజనం లేదు.

దరఖాస్తులు ఇక్కడ ఎక్కువగా ఆగేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. లేదా పాన్‌లో పేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. సిస్టం ఈ రెండూ పోల్చి చూసి కుదరకపోతే తిప్పి పంపేస్తుంది, కారణం కూడా సరిగ్గా చెప్పదు. కాబట్టి అప్లై చేసే ముందే రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. పుట్టిన తేదీ కూడా చూడండి. పెద్దవాళ్ల ఆధార్‌లో జనవరి 1 అని అంచనా తేదీ వేసేసి, పాన్‌లో బడి సర్టిఫికెట్ తేదీ ఉండడం మామూలే.

కార్డు సాధారణంగా అసలు కార్డుదారు చిరునామాకే వస్తుంది. మీరు హైదరాబాద్‌లో ఉండి అమ్మకి ఇప్పిస్తే, కార్డు మీ ఫ్లాటుకే వస్తుంది తప్ప ఊరికి వెళ్లదు. దాన్ని మళ్లీ కొరియర్లో పంపే బదులు, సంక్రాంతికో పండక్కో వెళ్లినప్పుడు మీ చేత్తోనే ఇవ్వండి. పిన్ పెట్టడం, స్విచ్చులు సర్దడం అన్నీ ఎదురుగా కూర్చుని చేసేయొచ్చు.

మూడో అడుగు: ఏ ఫోన్‌కి ఓటీపీ వస్తుందో ముందే తేల్చుకోండి

అప్లికేషన్‌లో మొబైల్ నంబరు అడిగిన గడి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజువారీ ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. కొన్ని బ్యాంకులు యాడ్-ఆన్ కార్డు ఓటీపీని వాడేవారి ఫోన్‌కి పంపుతాయి, కొన్ని అసలు కార్డుదారు ఫోన్‌కే పంపుతాయి. మీ బ్యాంకు ఏం చేస్తుందో అడిగి, రెండు ప్రశ్నలకి జవాబు రాబట్టండి: ఓటీపీ ఎవరికి వస్తుంది? ఖర్చు జరిగిన మెసేజీ ఎవరికి వస్తుంది?

దుకాణంలో మెషీన్‌లో కార్డు పెట్టి పిన్ కొట్టినప్పుడు ఓటీపీ అవసరం లేదు. కాబట్టి శ్రీకాకుళంలో ఆసుపత్రి కౌంటర్ దగ్గర అమ్మ కార్డు ఇచ్చి పిన్ కొడితే సరిపోతుంది, మీ ఫోన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆన్‌లైన్ కొనుగోలుకి మాత్రం ఓటీపీ కావాలి. పెద్దవాళ్లకి ఇచ్చే కార్డైతే ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చేలా ఉండడమే మంచిది. మోసగాడు అమ్మకి ఫోన్ చేసి మాయమాటలు చెప్పినా, చదివి చెప్పడానికి ఆవిడ దగ్గర ఓటీపీయే ఉండదు.

పిల్లలకి ఇచ్చే కార్డులో ఓటీపీ వాళ్ల ఫోన్‌కి వెళ్లినా పర్వాలేదు, ఖర్చు మెసేజీ మాత్రం మీకు రావాలి. రాకపోతే యాప్‌లో రెండు మూడు రోజులకోసారి మీరే చూసుకోవాలి.

నాలుగో అడుగు: కార్డు చేతికి ఇచ్చే ముందే లిమిటూ స్విచ్చులూ

ఈ అడుగు దాటేసి కార్డు ఇవ్వకండి. యాడ్-ఆన్ కార్డుకి విడిగా ఒక గరిష్ఠ మొత్తం పెట్టే వీలు చాలా బ్యాంకులు ఇస్తాయి. యాప్‌లో ఆ కార్డు ఎంచుకుని, Manage Card లాంటి చోట లిమిట్ మార్చుకోవచ్చు. ఏమీ పెట్టకపోతే మీ పూర్తి లిమిట్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. మీ బ్యాంకులో ఆ వీలు లేదంటే, రోజుకి ఇంత, ఒక్కో లావాదేవీకి ఇంత అని హద్దు పెట్టే వీలైనా ఉందేమో చూడండి. అదీ లేకపోతే ఆ కార్డు మీద యాడ్-ఆన్ తీసుకోవద్దనే మా సలహా. తక్కువ లిమిట్ ఉన్న మీ ఇంకో కార్డు మీద తీసుకోండి.

స్విచ్చుల సంగతికొస్తే, 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలూ, దుకాణాల మెషీన్ల దగ్గర వాడకానికే తెరిచి వస్తుంది. ఆన్‌లైన్, విదేశీ వాడకం, తాకితే డబ్బు కట్టే కాంటాక్ట్‌లెస్ మీరు ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. కాబట్టి మీరు ఆలోచించాల్సింది దేన్ని ఆన్ చేయాలా అని. విదేశీ వాడకం ఆన్ చేయకండి. పెద్దవాళ్లకి ఆన్‌లైన్ కూడా వద్దు. కాంటాక్ట్‌లెస్‌లో 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే పోతుంది. బస్సులో పర్సు పోగొట్టుకుంటే దొరికినవాడు పిన్ తెలియకుండానే వాడేయగలడు. ఆ సౌకర్యం లేకపోయినా మందుల షాపులో పని ఆగదు.

ఏటీఎం డబ్బు స్విచ్ మాత్రం మీరే ఆఫ్ చేయాలి, అది ముందే ఆన్‌లో వస్తుంది. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఫీజు పడుతుంది, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. వడ్డీ లేని గడువు దానికి వర్తించదు. డెబిట్ కార్డు అలవాటున్న నాన్నగారికి ఈ తేడా తెలియక ఐదువేలు తీసేస్తారు. స్విచ్ ఆపి ఉంటే మెషీనే వద్దంటుంది.

పిన్ ప్రతి కార్డుకీ వేరుగా ఉంటుంది. యాడ్-ఆన్ పిన్ మీ అసలు కార్డు పిన్‌తో ఒకటిగా పెట్టకండి.

ఒక ఇంటి లెక్క: వేసవి తర్వాత వచ్చిన బిల్లు

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. విజయనగరం కంటోన్మెంట్‌లో ఉండే ఒక హైస్కూలు మాస్టారి కార్డు లిమిట్ 1,50,000. విశాఖలో ఇంజినీరింగ్ చదివే కొడుక్కి యాడ్-ఆన్ ఇప్పించారు, విడిగా లిమిట్ పెట్టలేదు. స్టేట్‌మెంట్ ప్రతి నెలా 12న వస్తుంది, కట్టడానికి 20 రోజుల గడువు. వడ్డీ నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం. చాలా కార్డుల మీద దాదాపు ఇలాంటి రేటే కనిపిస్తుంది.

జూన్ 20న మాస్టారు ఇంట్లోకి సరుకులకి 14,000 వాడారు. జూలై 2న కొడుకు తన స్నేహితుడి కోసం 36,000 పెట్టి ఫోన్ కొన్నాడు. 'వాడు పదిహేనుకల్లా నా చేతికి డబ్బులిచ్చేస్తానన్నాడు నాన్నా' అన్నాడు. జూలై 12 స్టేట్‌మెంట్‌లో మొత్తం 50,000. గడువు ఆగస్టు 1.

స్నేహితుడు ఇవ్వలేదు. మాస్టారు ఇలా ఆలోచించారు: 'నా వాటా 14,000 నేను కట్టేస్తాను. వాడి 36,000 వాడు కట్టుకుంటాడు, ఆలస్యమైతే ఆ వడ్డీ వాడిదే.' ఆగస్టు 1న 14,000 కట్టారు. కనీసం కట్టాల్సిన మొత్తం ఐదు శాతం లెక్కన 2,500. అంతకంటే ఎక్కువే కట్టారు కాబట్టి ఆలస్య రుసుము పడలేదు, సిబిల్‌లో ఎగవేత అనీ రాదు. ఇక్కడిదాకా బాగానే ఉంది.

అయితే బ్యాంకు దగ్గర మాస్టారి వాటా, కొడుకు వాటా అని రెండు పద్దులు లేవు. మొత్తం 50,000 గడువులోగా కట్టలేదు కాబట్టి వడ్డీ లేని గడువు పోయింది. మిగిలిన 36,000 మీద వడ్డీ ఆగస్టు 1 నుంచి కాకుండా కొన్న రోజు, అంటే జూలై 2 నుంచి పడుతుంది. అక్కడి నుంచి తర్వాతి స్టేట్‌మెంట్ ఆగస్టు 12 దాకా 41 రోజులు. 36,000 మీద ఏడాదికి 42 శాతం చొప్పున 41 రోజులకి దాదాపు 1,698 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 306. మొత్తం రెండువేల నాలుగు.

ఇంకోటి కూడా జరిగింది, ఇది చాలామంది గమనించరు. ఆగస్టు 3న మాస్టారు తన అసలు కార్డుతో 10,000 పెట్టి స్కూలు బట్టలూ పుస్తకాలూ కొన్నారు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకీ వడ్డీ లేని గడువు ఉండదు. ఆ పదివేల మీద కూడా ఆగస్టు 3 నుంచి 12 దాకా తొమ్మిది రోజుల వడ్డీ 104, జీఎస్టీతో 122 పడింది. కొడుకు స్నేహితుడి ఫోన్ వల్ల మాస్టారి సొంత ఖర్చుకీ వడ్డీ అంటుకుంది. బాకీ పూర్తిగా తీరేదాకా ఇలాగే నడుస్తుంది.

మరి అప్పుడు మాస్టారు ఏం చేసి ఉండాలి? చేతిలో డబ్బుంటే ఆగస్టు 1న 50,000 మొత్తం కట్టేసి, 36,000 కొడుకు దగ్గరో స్నేహితుడి దగ్గరో ఇంటి అప్పుగా వసూలు చేసుకోవాలి. చేతిలో లేకపోతే గడువుకి ముందే ఆ 36,000ని బ్యాంకు యాప్‌లో ఈఎంఐగా మార్చుకోవాలి. ఈఎంఐ వడ్డీ సాధారణంగా 42 శాతం కంటే చాలా తక్కువ ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి చూసుకుని నిర్ణయించుకోవాలి. అలా మార్చాక మిగిలిన బిల్లునీ ఆ నెల వాయిదానీ గడువులో పూర్తిగా కడితే, కొత్త కొనుగోళ్లకి వడ్డీ లేని గడువు నిలబడుతుంది.

అసలు యాడ్-ఆన్‌కి నెలకి 10,000 లిమిట్ పెట్టి ఉంటే దుకాణంలోనే ఆ లావాదేవీ ఆగిపోయేది. కొడుకు నాన్నకి ఫోన్ చేసేవాడు, ఆ మాట అప్పుడే తేలిపోయేది.

ఐదో అడుగు: ప్రతి నెలా ఐదు నిమిషాల పని

స్టేట్‌మెంట్ వచ్చిన రోజే తెరవండి. చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లలో యాడ్-ఆన్ ఖర్చులు విడిగా, ఆ కార్డు చివరి నాలుగు అంకెలతో కనిపిస్తాయి. వాటిని కూడి, కార్డు వాడినవాళ్లకి వాట్సాప్‌లో పంపి, 'ఇవన్నీ నువ్వేనా' అని అడగండి. పొరపాటునో మోసం వల్లో వచ్చిన ఎంట్రీ ఉంటే వాళ్లే గుర్తుపడతారు, మీకు తెలిసే అవకాశం తక్కువ.

ఇంట్లో వాటాలు పంచుకునే ఏర్పాటు ఉంటే, వాళ్ల వాటా డబ్బు గడువుకి మూడు రోజుల ముందు మీ బ్యాంకు ఖాతాకి రావాలి. కార్డు బిల్లు మాత్రం మీరొక్కరే, ఒకేసారి పూర్తిగా కట్టండి. ఇద్దరూ విడివిడిగా కార్డుకి కడితే ఎవరో ఒకరు మర్చిపోతారు. అన్నిటికంటే నిశ్చింతగా ఉండాలంటే మీ సేవింగ్స్ ఖాతా నుంచి 'మొత్తం బాకీ' కోసి తీసుకునేలా ఆటో డెబిట్ పెట్టండి. 'కనీస మొత్తం' అని ఎంచుకుంటే పై మాస్టారి కథే నెలనెలా జరుగుతుంది.

మోసం జరిగితే ఎవరి మీద పడుతుంది

ఇంట్లోవాళ్లు ఇష్టపడి చేసిన ఖర్చుకీ, వాళ్లకి తెలియకుండా జరిగిన మోసానికీ నియమాలు వేరు. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నియమం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మరెక్కడో జరిగిన మోసమైతే, బ్యాంకు మెసేజీ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద ఏమీ పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, లిమిట్ ఐదు లక్షల లోపున్న క్రెడిట్ కార్డుకి మీ మీద పడేది గరిష్ఠంగా 10,000. ఏడు పనిదినాలు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది.

కానీ వాడేవారే ఓటీపీనో పిన్నో ఎవరికైనా చెప్పేస్తే అది మీ వైపు అజాగ్రత్తగానే లెక్క. బ్యాంకుకి చెప్పే క్షణం దాకా పోయిన డబ్బు మీదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. యాడ్-ఆన్ విషయంలో ఆలస్యం ఎందుకవుతుందంటే, మోసపోయిన పెద్దావిడ కొడుకు తిడతాడని భయపడి రెండు రోజులు చెప్పరు. కార్డు ఇచ్చిన రోజే ఆవిడకి ఈ మాట చెప్పండి: 'అమ్మా, ఏం జరిగినా నేను కోప్పడను, వెంటనే ఫోన్ చెయ్.'

ఫోన్ రాగానే యాప్‌లో ఆ యాడ్-ఆన్ కార్డుని బ్లాక్ చేయండి. తర్వాత బ్యాంకు కస్టమర్ కేర్‌కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా అదే గంటలో ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు మీ పేరు మీదే ఉండాలి, ఖాతా మీది కాబట్టి.

ఆపించాలనుకుంటే

కార్డు వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టేస్తే సరిపోదు. షాపింగ్ యాప్‌లలో ఆ కార్డు సేవ్ అయి ఉంటుంది. సినిమాలూ పాటల యాప్‌ల నెలవారీ చందాలు దాని మీద నడుస్తుంటాయి. 15,000 లోపు ఆటోపే చందాలు ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే కోసుకుంటాయి. కోసే ముందు 24 గంటలకి ఒక మెసేజీ మాత్రం వస్తుంది. అందుకని ముందు ఆ చందాలు రద్దు చేయించండి, తర్వాత యాప్‌లోనే కార్డుని పూర్తిగా క్లోజ్ చేయమని రిక్వెస్టు పెట్టండి. తాత్కాలిక లాక్ వేరు, శాశ్వత రద్దు వేరు. రిక్వెస్టు నంబరూ, రద్దయిందన్న మెసేజీ దాచుకోండి. గొడవ వచ్చినప్పుడు ఏ తేదీ నుంచి ఆ కార్డు మీ బాధ్యత కాదో చెప్పేది అదే.

యాడ్-ఆన్ రద్దయినా దాని మీద అంతకుముందు తీసుకున్న ఈఎంఐ ఆగదు, మీ అసలు కార్డు బిల్లులో చివరి వాయిదా దాకా వస్తుంది. రద్దుకి ముందు రోజు చేసిన కొనుగోలు రెండు మూడు రోజుల తర్వాత బిల్లులో కనబడొచ్చు, అదీ మీదే. అసలు కార్డునే మూయించేస్తే యాడ్-ఆన్‌లు వాటంతటవే పోతాయి. బాకీ అంతా తీర్చి మూయమని అడిగాక ఏడు పనిదినాల్లో మూయకపోతే, మూసేదాకా రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకు మీకు కట్టాలన్నది 2022 ఆదేశాల్లోని నియమం.

అసలు కార్డుదారు చనిపోతే ఇంట్లోవాళ్లు ఆ యాడ్-ఆన్‌ని ఆ రోజు నుంచే వాడకూడదు. కర్మకాండల ఖర్చుకి వాడేయడం కొన్ని ఇళ్లలో జరుగుతుంది. ఖాతాదారు లేరని తెలిసీ వాడితే ఆ మొత్తం వాడినవారి మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. మరణ ధ్రువపత్రంతో బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తేదీ దాకా ఉన్న బాకీ ఎంతో కాగితం మీద తీసుకోండి. ఆ బాకీని బ్యాంకు పోయినవారు వదిలిన ఆస్తి నుంచి అడగగలదు. వారసులు తమ వాటాగా వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. యాడ్-ఆన్ కార్డు వాడారన్న ఒక్క కారణంతో మీ సొంత జీతంలోంచో పొదుపులోంచో కట్టమని వసూలు ఏజెంటు ఒత్తిడి చేస్తే ఫోన్‌లో ఒప్పుకోకండి. 'బ్యాంకు నుంచి రాతపూర్వకంగా పంపండి' అని అడిగి, కార్డుతో వచ్చిన ముఖ్య నిబంధనల కాగితంలో యాడ్-ఆన్ బాధ్యత గురించి ఏం రాశారో చూసుకుని, అప్పుడు జవాబివ్వండి.